70 మిల్లీమీటర్లు ఎక్కడ పోయాయి?

కరెంటు ప్యానెల్ తలుపు తెరిస్తే లోపలివైపు ఒక చిన్న జేబు కనిపిస్తుంది. డ్రాయింగ్ దాచుకోవడానికి తయారీదారు దాన్ని అక్కడ బిగిస్తాడు. చాలాచోట్ల అది ఖాళీగానే ఉంటుంది. కొన్నిచోట్ల కాగితం ఉంటుంది కానీ, అందులో గీసినదానికీ ఎదురుగా బిగించి ఉన్నదానికీ పొంతన ఉండదు. నా ఉద్దేశంలో ఈ రెండోదే ఎక్కువ ప్రమాదకరం. కాగితం లేనిచోట ఎలక్ట్రీషియన్ ప్రతి తీగనూ అనుమానిస్తాడు, టెస్టర్ పెట్టి చూస్తాడు. కాగితం ఉన్నచోట దాన్ని నమ్ముతాడు.

ఒక ప్యానెల్‌కు ప్రధానంగా రెండు డ్రాయింగులు ఉంటాయి. మొదటిది సింగిల్ లైన్ డయాగ్రమ్. ఏది దేనికి కలిసి ఉందో అది చెబుతుంది. అందులో స్కేలు ఉండదు, దూరాలకు అర్థం ఉండదు. రెండోది ప్యానెల్ లేఅవుట్. ఏ పరికరం ఏ ఎత్తున, ఎంత చోటులో కూర్చుంటుందో అది మిల్లీమీటర్లలో చెబుతుంది. అనుమతి ఇచ్చే విద్యుత్ తనిఖీ శాఖ ముఖ్యంగా మొదటిదాన్ని చూస్తుంది. వర్క్‌షాప్‌లో రేకు కోసేవాళ్లు రెండోదాన్ని చూస్తారు. రెండూ వేర్వేరు ఫైళ్లు, చాలాసార్లు వేర్వేరు మనుషులు గీసినవి.

ఈ రెండింటినీ కలిపి ఉంచగలిగేది క్యాడ్‌లోని సింబల్ లైబ్రరీ ఒక్కటే. మన దగ్గర మాత్రం దాన్ని గీత గీసే శ్రమ తగ్గించే బొమ్మల డబ్బాగానే వాడుతున్నారు. అది నిజానికి పరికరాల జాబితా. అలా వాడనంతకాలం మన డ్రాయింగులు చూడటానికి చక్కగా ఉంటూనే అబద్ధం చెబుతాయని నా వాదన. ఒక ప్యానెల్‌ను మొదటి నుంచి చివరి దాకా గీసి చూస్తే ఆ అబద్ధం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది.

ఒక్క గీత దాచేది

మూడు ఫేజుల కరెంటును ఒక్క గీతతో ఎలా చూపిస్తారు? సమాధానం సౌష్ఠవంలో ఉంది. మూడు ఫేజుల వోల్టేజీలూ ఒకే పరిమాణంలో, ఒకదానికొకటి 120 డిగ్రీల తేడాతో ఊగుతుంటాయి. మూడింటి మీదా లోడు సమానంగా ఉంటే, ఒక ఫేజులో ఏం జరుగుతోందో తెలిసినవాడికి మిగతా రెండింటిలో ఏం జరుగుతోందో తెలిసినట్టే. అందుకే మూడు తీగలకు బదులు ఒక గీత చాలు. మూడు కరెంటుల మొత్తం సున్నా అవుతుంది కాబట్టి న్యూట్రల్‌ను మరిచిపోయినా లెక్క తప్పదు.

సౌష్ఠవం చెదిరినచోట మాత్రం ఆ గీత మూగబోతుంది. ఇళ్లలో లోడంతా సింగిల్ ఫేజుదే. ఒక ఫేజు మీద మూడు గీజర్లు, మరో ఫేజు మీద రెండు ఫ్యాన్లు ఉంటే ఆ తేడా కరెంటు న్యూట్రల్ గుండా తిరిగి వెళ్తుంది. ఒక్క గీతలో ఆ న్యూట్రల్ కనిపించదు. గీతకు అడ్డంగా మూడు చిన్న వాలు గీతలు పెట్టి మూడు ఫేజులనీ, చివర చుక్క ఉన్న మరో వాలు గీత పెట్టి న్యూట్రల్ కూడా ఉందనీ సూచించే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని పాటించకపోయినా డ్రాయింగ్ పూర్తయినట్టే కనిపిస్తుంది. మన కథంతా ఆ నాలుగో గీత చుట్టూనే తిరుగుతుంది.

మన ఉదాహరణ

ఓ 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఆవరణలో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది 11,000 వోల్టులను 433 వోల్టులకు దించుతుంది. కరెంటు పోయినప్పుడు నడపడానికి 62.5 కేవీఏ డీజిల్ జనరేటర్ ఉంది. రెండూ వచ్చి కలిసే చోట మెయిన్ ప్యానెల్ ఉంది. దాని నుంచి ఫ్లాట్ల మీటర్ బోర్డుకు, లిఫ్టుకు, నీళ్ల పంపుకు, మెట్ల లైట్లకు నాలుగు దారులు వెళ్తాయి.

సింగిల్ లైన్ డయాగ్రమ్‌ను పైనుంచి కిందికి గీస్తారు. పైన ఎడమవైపు ఒకదానిలో ఒకటి చొచ్చుకున్న రెండు వృత్తాలు ట్రాన్స్‌ఫార్మర్. కుడివైపు లోపల G అక్షరం ఉన్న వృత్తం జనరేటర్. ఒక్కోదాని కింద ఒక్కో బ్రేకర్, వాటికి Q1, Q2 అని పేర్లు. రెండూ దిగి ఒక మందపాటి అడ్డగీతను తాకుతాయి. అదే బస్‌బార్. దాని కింద Q3 నుంచి Q6 వరకు నాలుగు బ్రేకర్లు వేలాడతాయి.

పరిమాణాల లెక్క తేలికే. 100 కేవీఏను 433 వోల్టులతో, మూడు వర్గమూలంతో భాగిస్తే 133 ఆంపియర్లు వస్తుంది. కాబట్టి Q1కు 160 ఆంపియర్ల ఎంసీసీబీ సరిపోతుంది. జనరేటర్ వైపు 415 వోల్టుల దగ్గర అదే లెక్క చేస్తే 87 ఆంపియర్లు వస్తుంది. Q2కు 100 ఆంపియర్లది చాలు.

Q1, Q2ల విషయంలో మరో రెండు షరతులున్నాయి. ఒకటి, రెండూ ఒకేసారి ఆన్ కాకూడదు. ఒకదాని పిడి ఆన్‌లో ఉంటే రెండోదాని పిడి కదలకుండా యాంత్రికంగా అడ్డుపడే ఇంటర్‌లాక్ ఉండాలి. డయాగ్రమ్‌లో దాన్ని Q1, Q2ల మధ్య చుక్కల గీతగా చూపిస్తారు. రెండు, రెండూ 4 పోల్ బ్రేకర్లు కావాలి. అంటే మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌ను కూడా విడదీసేవి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు సొంత ఎర్తింగ్ ఉంటుంది, జనరేటర్ న్యూట్రల్‌కూ సొంత ఎర్తింగ్ ఉంటుంది. ఒకటి పనిచేస్తున్నప్పుడు రెండోదాని న్యూట్రల్ కలిసి ఉండకూడదు.

గుర్తులో చిన్న గీత, అర్థంలో పెద్ద తేడా

ఈ గుర్తులు ఎవరికి తోచినట్టు వాళ్లు గీసేవి కావు. అంతర్జాతీయంగా ఐఈసీ 60617 అనే ప్రమాణం ఉంది. మన దేశంలోనూ సాధారణంగా ఆ తరహా గుర్తులే వాడతారు. అందులో బ్రేకర్ అంటే, తెరుచుకున్న స్విచ్ గీత, దాని స్థిర కొన దగ్గర ఒక చిన్న గుణకారం గుర్తు. అదే చోట గుణకారానికి బదులు చిన్న అడ్డగీత ఉంటే అది ఐసోలేటర్. చిన్న అర్ధవృత్తం ఉంటే కాంటాక్టర్.

కాగితం మీద ఈ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పరికరంలో అది ప్రాణాంతకం కావచ్చు. కరెంటు ప్రవహిస్తుండగా రెండు లోహపు కొనల్ని విడదీస్తే మధ్యలో ఆర్క్ లేస్తుంది. ఆ వేడి గాలి అయనీకరించి కరెంటును ఆపకుండా మోస్తూనే ఉంటుంది. బ్రేకర్‌లో ఆ ఆర్క్‌ను ముక్కలుగా కోసి చల్లార్చే లోహపు రేకుల గది ఉంటుంది. ఐసోలేటర్‌లో అది ఉండదు. లోడు లేనప్పుడు వేరుచేయడానికే అది పనికొస్తుంది. గుణకారం ఉండాల్సిన చోట అడ్డగీత పడితే, డ్రాయింగ్ చూసి సామాను కొనేవాళ్లు వేరే వస్తువు కొంటారు.

ఇక్కడే లైబ్రరీ మొదటి ఉపయోగం తెలుస్తుంది. ఒకసారి సరిగ్గా గీసి, సరిచూసి, దాచుకున్న గుర్తును వంద చోట్ల వాడినా అది మారదు. అయితే లైబ్రరీ ఒక్కటే ఉండాలి. అమెరికా ప్రమాణంలో మీడియం వోల్టేజీ బ్రేకర్‌ను ఖాళీ చతురస్రంగా గీస్తారు. ఇంటర్నెట్‌లో దొరికిన రెండు మూడు లైబ్రరీలను కలిపి వాడితే ఒకే కాగితం మీద రెండు భాషలు తయారవుతాయి. ఆ చతురస్రాన్ని ఒకరు బ్రేకర్ అనుకుంటే, మరొకరు ఏదో పెట్టె అనుకుంటారు.

బ్లాకు లోపల ఏముండాలి

ఆటోక్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గుర్తును బ్లాకు అంటారు. తయారుచేసే పద్ధతి ఇది. ముందు `0` అనే లేయర్ మీద గుర్తు గీయాలి. అప్పుడు ఆ బ్లాకును ఏ లేయర్ మీద పెడితే దాని రంగు, గీత మందం తీసుకుంటుంది. గుర్తు కొనలు 2.5 మి.మీ. గ్రిడ్ చుక్కల మీద పడాలి. లేకపోతే గీతలు కలిసినట్టు కనిపించి, కలవవు. తర్వాత `ATTDEF` కమాండుతో సమాచారం నింపే ఖాళీలు పెట్టాలి. చివరగా `BLOCK` కమాండుతో అన్నింటినీ కలిపి, పై కొనను ఆధార బిందువుగా ఎంచుకుని పేరు పెట్టాలి.

చాలామంది మూడో మెట్టును దాటవేస్తారు. గుర్తు గీసి, పక్కన మామూలు అక్షరాలతో 160A అని రాసి వదిలేస్తారు. చూసేవాళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం ఆ అక్షరాలు ఏ బ్రేకర్‌వో తెలియదు. అవి కాగితం మీద తేలుతున్న సిరా మరకలే. ఖాళీలు ఉన్న బ్లాకు వేరు. దాన్ని పెట్టగానే అది ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు తనలో దాచుకుంటుంది. Q1 బ్లాకులో ఉండాల్సిన సమాచారం ఇంతే:

```
TAG     Q1
TYPE    MCCB
RATING  160A
POLES   4P
INTLK   Q2
```

చివరి రెండు వరుసలు చూడండి. ఒక్క గీత దాచేసిన న్యూట్రల్ ఇక్కడ `POLES` రూపంలో బయటపడింది. చుక్కల గీతగా మాత్రమే ఉన్న ఇంటర్‌లాక్‌కు `INTLK` అనే చోటు దొరికింది. సౌష్ఠవం పేరుతో బొమ్మ వదిలేసినదాన్ని బ్లాకు గుర్తు పెట్టుకుంటుంది.

ఈ సమాచారం సులువుగా చెడిపోయే దారులు కూడా తెలిసి ఉండాలి. బ్లాకు మీద `EXPLODE` కొడితే అది విడి గీతలుగా పగిలి, 160A అనే విలువ పోయి, దాని స్థానంలో RATING అనే ఖాళీ పేరు మాత్రం మిగులుతుంది. లైబ్రరీలోని బ్లాకుకు కొత్త ఖాళీ చేర్చినా, అప్పటికే డ్రాయింగ్‌లో పెట్టిన గుర్తులకు అది రాదు. `ATTSYNC` నడిపితేనే వస్తుంది. Q4ను కాపీ చేసి Q5గా మార్చడం మరిచిపోతే ఒకే పేరుతో రెండు బ్రేకర్లు మిగులుతాయి.

రేకు మీదికి వచ్చేసరికి

ఇప్పుడు రెండో డ్రాయింగ్. ఇక్కడ బ్రేకర్ అంటే గుణకారం గుర్తు కాదు, నిజమైన ప్లాస్టిక్ పెట్టె. దాని వెడల్పు, ఎత్తు, స్క్రూ రంధ్రాల దూరాలు అసలు కొలతలతో గీయాలి. కాబట్టి ప్రతి పరికరానికి లైబ్రరీలో రెండు బ్లాకులు కావాలి. ఒకటి సింగిల్ లైన్‌కు, ఒకటి లేఅవుట్‌కు. రూపాలు వేరు, లోపలి పేరు ఒకటే.

ఈ స్థాయి ఎంసీసీబీలలో బాగా కనిపించే ఒక కొలత ఏమిటంటే, ఒక్కో పోల్‌కు 35 మి.మీ. వెడల్పు. అంటే 3 పోల్‌ది 105 మి.మీ., 4 పోల్‌ది 140 మి.మీ. ఉంటుంది. మన ప్యానెల్‌లో Q1, Q2 పక్కపక్కన కూర్చోవాలి. యాంత్రిక ఇంటర్‌లాక్ రెండు పిడుల మధ్య నడిచే లోహపు ముక్క. దానికి తయారీదారు చెప్పిన దూరంలోనే రెండు బ్రేకర్లూ ఉండాలి. మధ్యలో 40 మి.మీ., అటూ ఇటూ 20 మి.మీ. చొప్పున ఖాళీ అనుకుందాం. బిగించే ప్లేటు వెడల్పు 300 మి.మీ. అనుకుందాం.

లేఅవుట్ గీసే వ్యక్తి లైబ్రరీ తెరిచాడు. అందులో `GA_MCCB160_3P` ఉంది, 4 పోల్ బ్లాకు లేదు. చిన్న లైబ్రరీలలో ఇది మామూలే. ఎక్కువగా వాడే 3 పోల్‌ను మాత్రమే గీసి పెట్టుకుంటారు. అతడు ఉన్నదాన్నే రెండుసార్లు పెట్టాడు. 105, 105 కలిపి 210, ఖాళీలతో 290. ప్లేటు 300. చక్కగా సరిపోయింది. డ్రాయింగ్ వర్క్‌షాప్‌కు వెళ్లింది, రేకు కోశారు, రంధ్రాలు వేశారు, పౌడర్ కోటింగ్ అయింది.

తర్వాత సామాను వచ్చింది. సింగిల్ లైన్ చూసి తెప్పించినవి కాబట్టి రెండూ 4 పోల్‌వే. 140, 140 కలిపి 280, ఖాళీలతో 360. ప్లేటు 300. రెండు బ్రేకర్లకు కలిపి 70 మిల్లీమీటర్లు పెరిగాయి. మిగిలి ఉన్న పది పోగా 60 మి.మీ. చోటు తక్కువైంది.

వర్క్‌షాప్‌లో ఇప్పుడు మూడు దారులు. రేకు మళ్లీ కోయడం ఖర్చు, ఆలస్యం. రెండో దారి, 3 పోల్ బ్రేకర్లు తెచ్చి బిగించి, న్యూట్రల్‌లను ఒక లింకుతో నేరుగా కలిపేయడం. మూడో దారి, Q2ను పక్క అరలోకి జరపడం. అప్పుడు ఇంటర్‌లాక్ ముక్క అందదు. పనిమీద ఉన్నవాళ్లు రెండోదాన్నో మూడోదాన్నో ఎంచుకుంటే వాళ్లను తప్పుపట్టడం తేలికే. అసలు తప్పు అంతకుముందే, లైబ్రరీలో లేని ఒక బ్లాకు దగ్గర జరిగిపోయింది. ఇక సింగిల్ లైన్ డయాగ్రమ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అందులో Q1, Q2 ఇంకా 4 పోల్‌వే, మధ్యలో చుక్కల గీత ఇంకా ఉంది. తలుపు జేబులోకి వెళ్లేది ఆ కాగితమే.

ఆ రెండు దారుల పర్యవసానం

న్యూట్రల్ లింకు దారి చూద్దాం. జనరేటర్ నడుస్తోంది, ట్రాన్స్‌ఫార్మర్ వైపు మూడు ఫేజులూ తెరిచి ఉన్నాయి. న్యూట్రల్‌లు మాత్రం కలిసే ఉన్నాయి. ఫ్లాట్ల నుంచి తిరిగి వచ్చే అసమాన కరెంటుకు ఇప్పుడు రెండు దారులు. కొంత జనరేటర్ న్యూట్రల్ తీగ గుండా వెళ్తుంది. కొంత ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా వెళ్లి, దాని ఎర్తింగ్ గుండా నేలలోకి దిగి, జనరేటర్ ఎర్తింగ్ గుండా పైకి వస్తుంది. ఎర్త్ ఫాల్ట్ రిలే చేసే పని, వెళ్లిన కరెంటు తిరిగి వస్తోందా అని కూడిక చూడటం. దారి చీలాక ఆ కూడిక కుదరదు. రిలే ఏ లోపమూ లేనప్పుడు ట్రిప్ కావచ్చు, నిజంగా లోపం ఉన్నప్పుడు దాన్ని చిన్నదిగా చూడవచ్చు. ఊరికే ట్రిప్ అవుతోందని విసిగి రిలేను తీసేసే చోటు నుంచి అసలు ప్రమాదం మొదలవుతుంది.

ఇంటర్‌లాక్ లేని దారి ఇంకా ఘోరం. కరెంటు పోయింది, వాచ్‌మన్ జనరేటర్ స్టార్ట్ చేసి Q2 ఆన్ చేశాడు. Q1 ఆఫ్ చేయడం మరిచిపోయాడు. అడ్డుపడే లోహపు ముక్క లేదు. జనరేటర్ వోల్టేజీ బస్‌బార్ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల చుట్టకు చేరింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియదు. ఏ చుట్టలో అయస్కాంత ప్రవాహం మారినా రెండో చుట్టలో వోల్టేజీ పుడుతుంది. 11,000ను 433తో భాగిస్తే 25.4. కాబట్టి 415 వోల్టులు అవతల సుమారు 10,500 వోల్టులవుతాయి. చనిపోయిందనుకున్న లైను మీద స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్ ఉండవచ్చు. ఊరి లోడంతా మీద పడితే జనరేటర్ మొరాయించి ఆగిపోవచ్చు. కానీ మరమ్మతు కోసం లైనును ఎగువన తెరిచి ఉంచితే మిగిలేది చిన్న ముక్క. దాన్ని సజీవంగా ఉంచడానికి 62.5 కేవీఏ జనరేటర్ చాలవచ్చు. పనిచేసే ముందు లైనును తాత్కాలికంగా ఎర్త్ చేయాలన్న నియమం ఉన్నది ఇలాంటివాటి కోసమే.

25.4 అన్న అంకె క్యాడ్ వాడేవాళ్లకు బాగా తెలుసు. అంగుళానికి మిల్లీమీటర్లు అన్ని. ఇది కేవలం యాదృచ్ఛికం. కానీ దీనిలో ఒక పోలిక దాగి ఉంది. బ్లాకు ఫైలులో `INSUNITS` అంగుళాలకు, డ్రాయింగ్‌లో మిల్లీమీటర్లకు పెట్టి ఉంటే, బ్లాకు 25.4 రెట్లు పెద్దదై తెరంతా నిండిపోతుంది. ఆ తప్పును ఎవరైనా వెంటనే పట్టుకుంటారు. 105కూ 140కీ మధ్య తేడా అలా అరిచి చెప్పదు. కంటికి నచ్చేలా సరిపోయిన తప్పును కన్నుతో పట్టుకోలేం. దానికి జాబితా కావాలి.

పోల్చి చూడటం

పని రెండు నిమిషాలది. `DATAEXTRACTION` కమాండుతోగానీ, పాత `ATTEXT`తోగానీ రెండు డ్రాయింగుల్లోంచీ బ్లాకుల సమాచారాన్ని రెండు జాబితాలుగా బయటికి తీయవచ్చు. ఒకటి `sld.csv`, రెండోది `ga.csv` అనుకుందాం. రెండింటిలోనూ పేరు, రకం, రేటింగ్, పోల్స్ అదే వరుసలో ఉండాలి. లైనక్స్‌లోగానీ మ్యాక్‌లోగానీ ఇంత చాలు:

```
sort sld.csv > a.txt
sort ga.csv > b.txt
comm -3 a.txt b.txt
```

రెండింటిలోనూ ఒకేలా ఉన్న వరుసలను `comm -3` దాచేసి, తేడా ఉన్నవాటినే చూపిస్తుంది. మన ప్యానెల్‌కు వచ్చే జవాబు ఇదీ:

```
	Q1,MCCB,160A,3P
Q1,MCCB,160A,4P
	Q2,MCCB,100A,3P
Q2,MCCB,100A,4P
```

లోపలికి జరిగిన వరుసలు లేఅవుట్‌వి, అంచున ఉన్నవి సింగిల్ లైన్‌వి. రేకు కోయకముందే 70 మిల్లీమీటర్లు దొరికాయి. ఒకే పేరు రెండుసార్లు పడినా, ఒకదానిలో ఉన్న పరికరం రెండోదానిలో లేకపోయినా ఇదే చోట కనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిలువు వరుసలు పక్కపక్కన పెట్టి చూసినా ఫలితం అదే.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని తప్పించుకోకపోతే ఈ తనిఖీ అంతా వృథా. లేఅవుట్ బ్లాకులో పోల్స్ సంఖ్యను మనిషి టైపు చేసే ఖాళీగా ఉంచకూడదు. ఉంచితే, 105 మి.మీ. పెట్టె పెట్టి దాని మీద 4P అని టైపు చేయడం సాధ్యమవుతుంది. రెండు జాబితాలూ కలుస్తాయి, రేకు మాత్రం కలవదు. సింగిల్ లైన్‌లో పోల్స్ సంఖ్య మన ఉద్దేశం, దాన్ని టైపు చేయవచ్చు. లేఅవుట్‌లో అది వస్తువు ఆకారం. కాబట్టి అది `GA_MCCB160_4P` అన్నట్టు బ్లాకు పేరులోనే ఉండాలి. జాబితాలో బ్లాకు పేరు కూడా వస్తుంది కాబట్టి చివరి రెండక్షరాలను విడదీసి పోల్చాలి. అప్పుడు పెట్టె మారకుండా మాట మార్చడం కుదరదు.

అభ్యంతరాలు

చిన్న ప్యానెల్ తయారీదారులు చెప్పే మాట ఒకటే: ఇంత లైబ్రరీ కట్టే తీరిక మాకెక్కడిది? న్యాయమైన ప్రశ్నే. కానీ అలాంటి వర్క్‌షాప్ నిజంగా వాడే పరికరాలు వేలల్లో ఉండవు. రెండు మూడు కంపెనీల ఎంసీసీబీలు, నాలుగైదు ఫ్రేములు, 3 పోల్, 4 పోల్. చాలామంది తయారీదారులు తమ పరికరాల కొలతల క్యాడ్ ఫైళ్లను ఉచితంగానే ఇస్తారు. వాటికి ఖాళీలు చేర్చి, పేర్లు పెట్టి దాచుకోవడమే మిగిలిన పని. సాఫ్ట్‌వేర్ ఖర్చు అడ్డమైతే, విద్యుత్ డ్రాయింగుల కోసమే తయారైన క్యూఎలక్ట్రోటెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులోనూ ప్రతి గుర్తుకూ సమాచారం జతచేయవచ్చు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. జాబితాలు కలిసినంత మాత్రాన ప్యానెల్ సరిగ్గా ఉన్నట్టేనా? కాదు. ఇంటర్‌లాక్ `INTLK` గడిలో ఉన్నంత మాత్రాన పిడి ఆగదు. తీగ తప్పు చోట బిగిస్తే ఏ జాబితా చెప్పదు. లావు కేబుల్‌ను వంచడానికి చాలినంత చోటు ఉందో లేదో ఈ పోలికకు తెలియదు. Q1 ఆన్‌లో ఉంచి Q2ను చేత్తో నొక్కి చూసే మనిషి, టెస్టర్ పట్టుకున్న మనిషి ఎప్పటికీ కావాలి. జాబితా చేసేది ఒక్కటే: ఆ మనిషి చేతిలోని కాగితం అతడి ముందున్న ప్యానెల్‌దే అని హామీ ఇవ్వడం.

కాబట్టి నా కోరికలు రెండే. పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో విద్యుత్ క్యాడ్ నేర్పేటప్పుడు, గుర్తు అందంగా గీశాడా అన్నదానికే మార్కులు ఆగిపోకూడదు. సింగిల్ లైన్, లేఅవుట్ రెండూ గీయించి, రెండింటి జాబితాలూ తీయించి, తేడా ఏమీ రాలేదని చూపిస్తేనే ఆ అభ్యాసం పూర్తయినట్టు. రెండోది, ప్యానెల్ కొనే అపార్ట్‌మెంట్ సంఘాలకు, రైస్ మిల్లులకు, ఆసుపత్రులకు: డబ్బు చివరి వాయిదా ఇచ్చేముందు, వర్క్‌షాప్‌లో జరిగిన మార్పులన్నీ చేర్చిన తుది డ్రాయింగ్ అడగండి. ఆ కాగితం చేతిలో పట్టుకుని ప్యానెల్ ముందు నిలబడి Q1, Q2ల పిడుల కింద ఎన్ని పోల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగు వరకు లెక్కపెట్టడం వస్తే చాలు.